పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ రావడం లేదా? స్పామ్ కన్నా ముందు చూడాల్సింది ఇంకోటి ఉంది

ప్రశ్న: "చెన్నైలో ఉంటాం. నాన్నగారి హెల్త్ ఇన్సూరెన్స్ సైట్‌లో పాస్‌వర్డ్ మర్చిపోయాం. ఫర్గాట్ పాస్‌వర్డ్ నొక్కితే 'మీ రిజిస్టర్డ్ ఈమెయిల్‌కి లింక్ పంపాం' అంటోంది, కానీ ఏమీ రావడం లేదు. స్పామ్ కూడా చూశాను, లేదు. పదిసార్లు నొక్కి ఉంటాను. రెన్యువల్ డేట్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఇంకేం చేయాలండీ?"

ముందు ఆ బటన్ నొక్కడం ఆపండి. ఎందుకో కింద చెప్తాను.

రెన్యువల్ గురించి టెన్షన్ ఉంటే దాన్ని ఈ పాస్‌వర్డ్ గొడవ నుంచి విడదీయండి. చాలా ఇన్సూరెన్స్ కంపెనీల సైట్లలో లాగిన్ అవ్వకుండానే పాలసీ నంబరు, పుట్టిన తేదీ లేదా మొబైల్ నంబరు ఇచ్చి ప్రీమియం కట్టే పేజీ విడిగా ఉంటుంది. ముందు అక్కడ కట్టేయండి. ఆ తర్వాత ఇది నిదానంగా తేల్చుకోవచ్చు.

నేనూ చెన్నైలోనే, ఓఎంఆర్‌లో ఒక కంపెనీకి మెయిల్ సర్వర్లు చూసే పనిలో ఉన్నాను. "మెయిల్ రాలేదు" అన్న ఫిర్యాదుతోనే నా రోజు మొదలవుతుంది. అందరూ ముందు స్పామ్ చూస్తారు, అక్కడ లేకపోతే సర్వర్ డౌన్ అనుకుంటారు. ఈ రెండింటికీ ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీరు కొడుతున్న అడ్రసూ, ఆ సైటు దగ్గరున్న అడ్రసూ ఒకటేనా?

"లింక్ పంపాం" అని స్క్రీన్ మీద వచ్చింది కాబట్టి అడ్రస్ సరైనదే అని మీరు అనుకుంటున్నారు. ఆ మాటని నమ్మకండి. జాగ్రత్తగా కట్టిన సైట్ ఏదైనా, మీరు కొట్టిన అడ్రస్ వాళ్ల దగ్గర ఉన్నా లేకపోయినా అదే వాక్యం చూపిస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ వాక్యం మళ్లీ చదివి చూడండి, చాలాచోట్ల ముందు ఒక `If` ఉంటుంది. మీ అడ్రస్ మా దగ్గర ఉంటే పంపాం అని దాని అర్థం. కావాలనే అలా పెడతారు. "ఈ అడ్రస్‌తో అకౌంట్ లేదు" అని సైట్ నిజం చెప్పేస్తే, మోసగాడు ఎవడైనా వెయ్యి అడ్రస్‌లు వరసగా కొట్టి, ఎవరెవరికి అక్కడ పాలసీ ఉందో జాబితా రాసుకోగలడు. దొంగ కోసం పెట్టిన ఆ జాగ్రత్త వల్ల అసలు మనిషికి కూడా నిజం తెలియదు. మీరు అక్కడే ఇరుక్కున్నారేమో చూడాలి.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. నాన్నగారి జీమెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిచి, పైన వెతికే పెట్టెలో ఇలా కొట్టండి:

```
in:anywhere కంపెనీ-పేరు
```

`in:anywhere` అని పెట్టకపోతే జీమెయిల్ స్పామ్‌లోనూ ట్రాష్‌లోనూ వెతకదు. చాలామంది వట్టి పేరు కొట్టి వెతికి, "లేదు" అని తేల్చేస్తారు. కంపెనీ పేరును మెయిల్‌లో వాళ్లు రాసుకున్నట్టే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. మీరు వెతికేది ఈరోజు రీసెట్ మెయిల్ కోసం కాదు, పాలసీ తీసుకున్నప్పటి నుంచి వాళ్ల దగ్గర్నుంచి ఏ మెయిలైనా వచ్చిందా అన్నది. పాలసీ కాపీ, ప్రీమియం రసీదు, పండగ శుభాకాంక్షలు, ఏదైనా సరే.

పాత మెయిల్ కనిపిస్తే సగం సమస్య తీరినట్టే. దాన్ని తెరిచి, పంపినవారి పేరు కింద ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కితే `to:` ఎదురుగా అడ్రస్ కనిపిస్తుంది. సైటు దగ్గరున్న అడ్రస్ అదే. దాన్ని అలాగే కాపీ చేసి రీసెట్ పేజీలో అతికించండి, చేత్తో కొట్టకండి. ఇక్కడ చుక్కల తిరకాసు ఒకటుంది. జీమెయిల్‌కి పేరులోని చుక్కలు లెక్కలేదు. `peru.intiperu@gmail.com`కి పంపినా `peruintiperu@gmail.com`కి పంపినా ఒకే ఇన్‌బాక్స్‌కి వస్తాయి. ఇన్సూరెన్స్ సైట్‌కి మాత్రం అవి రెండూ ఇద్దరు వేరువేరు మనుషులు. చుక్కతో రిజిస్టర్ చేసి, ఇప్పుడు చుక్క లేకుండా కొడితే సైట్ మౌనంగా "పంపాం" అని చెప్పి ఏమీ పంపదు. ఫోన్ కీబోర్డు అడ్రస్‌ని తనే పూర్తిచేసి చివర ఒక ఖాళీ వదలడం కూడా కొన్ని సైట్లలో ఇదే పని చేస్తుంది.

ఏళ్ల తరబడి ఒక్క మెయిలూ లేకపోతే మాత్రం స్పామ్‌ని తప్పుపట్టకండి. స్పామ్ ఫిల్టర్ ఒక మెయిల్‌ని ఆపుతుంది, రెండింటిని ఆపుతుంది. ఒక కంపెనీ నుంచి వచ్చిన ప్రతి మెయిల్‌నీ, మొదటి రోజు నుంచి, ఒక్కటి కూడా కంటపడకుండా ఆపడం అరుదు. ఒక్కటీ లేదంటే అవి వేరే చిరునామాకి పోతున్నాయని అనుమానించాలి.

మా పక్క టీమ్‌లో నెల్లూరాయన ఒకాయన ఉన్నారు. పేరు శ్రీనివాసులు అనుకుందాం. ఆయనదీ అచ్చం మీ సమస్యే, ఆరోగ్య బీమానే. ఆయన సైట్‌లో పాలసీ నంబరు కొడితే, లింక్ ఏ అడ్రస్‌కి పంపుతున్నారో సగం దాచి చూపించింది. పేరు భాగం `sr*******lu` అని ఉంది, వెనక జీమెయిల్. "ఇది నాదే కదా, మరి రాదేం?" అని ఆయన వాదన. స్పామ్ చూశారు, ప్రమోషన్స్ చూశారు, ఫోన్ రీస్టార్ట్ చేశారు, చివరికి నా సీటు దగ్గరికి వచ్చారు.

నేను పైన చెప్పిన వెతుకులాటే చేయించాను. ఆ కంపెనీ నుంచి ఒక్క మెయిల్ లేదు. ఎస్సెమ్మెస్‌లు మాత్రం ప్రతి ఏడూ ఉన్నాయి, "మీ పాలసీ కాపీని ఈమెయిల్ చేశాం" అన్నది వాటిలో ఉంది. అంటే పంపుతున్నారు, ఈయనకి అందడం లేదు. మరి ఇన్నాళ్లూ పాలసీ కాపీ ఎలా చేరిందంటే, ఏజెంట్ వాట్సాప్‌లో పెట్టేవాడు. ఆ పీడీఎఫ్ తెరిపించాను. పాలసీ షెడ్యూల్ మొదటి పేజీలో చిరునామా, మొబైల్ కింద ఈమెయిల్ వరస ఉంటుంది. ఆయన చదివి "కరెక్టే ఉంది" అన్నారు. మళ్లీ చదవమన్నాను, మళ్లీ కరెక్టే అన్నారు. మన పేరు మనం చదివేటప్పుడు అక్షరాలు చూడం, ఆకారం చూసి వదిలేస్తాం. అందుకని దాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టాం:

```
srinivasulu
srinivasalu
        ^
```

తొమ్మిదో అక్షరం. ప్రపోజల్ ఫారం చేత్తో నింపారు. అందులో చిన్న `u` పైన కలిసిపోయి `a` లాగా కనిపించి ఉంటుంది. టైప్ చేసిన అమ్మాయి తమిళావిడ, ఆవిడకి శ్రీనివాసన్ అలవాటు గానీ శ్రీనివాసులు అలవాటు కాదు. ఆవిడ కంటికి రెండూ ఒకటే. ఇంకో సంగతి గమనించండి. సగం దాచి చూపించిన `sr*******lu` ఈ రెండు అడ్రస్‌లకీ సరిపోతుంది. మొదటి రెండు, చివరి రెండు అక్షరాలు అవే, మధ్యలో నక్షత్రాలూ ఏడే. దాచిన అడ్రస్ మనదిలాగే కనిపించిందంటే మనదే అని రుజువైనట్టు కాదు. తేడా కనిపిస్తే తప్పని తెలుస్తుంది, అంతవరకే అది పనికొస్తుంది. పైగా కొన్ని సైట్లు అసలు ఎన్ని అక్షరాలున్నా నాలుగో అయిదో నక్షత్రాలే వేస్తాయి, కాబట్టి నక్షత్రాల సంఖ్యనీ నమ్మడానికి లేదు.

చెన్నైలో మన తెలుగువాళ్ల అడ్రస్‌లలో ఎక్కువగా తప్పేది ఇలాగే. శ్రీనివాస్ అని చెప్తే చివర `an` చేరుతుంది. లక్ష్మి `ksh`తో చెప్తే `x`తో పడుతుంది. సుబ్రహ్మణ్యంలో `h` ఎగిరిపోతుంది. ఇంటిపేరు మొదటి అక్షరం మనం ముందు పెట్టుకుంటే, కౌంటర్‌లో వాళ్లు ఒక్కోసారి వెనక్కి జరుపుతారు. ఫోన్‌లో చెప్పి రాయించుకున్నవైతే ఇంకా ఘోరం. `b`, `d`, `p`, `t` ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. `gmail`లో అక్షరాలు తారుమారై `gmial`, `gamil` అవడం, `.com` బదులు `.co` పడటం సరేసరి. అండర్‌స్కోర్ ఉన్న అడ్రస్‌లకి మరో బాధ ఉంది. పీడీఎఫ్‌లో ఈమెయిల్ నీలంరంగులో, కింద గీతతో లింకులా పడితే ఆ గీతలో అండర్‌స్కోర్ కలిసిపోయి ఖాళీలాగా కనిపిస్తుంది. అలాంటప్పుడు కంటితో చదవకుండా కాపీ చేసి అతికించి చూడాలి.

ఇప్పుడు నొక్కడం ఎందుకు ఆపమన్నానో చెప్తాను. శ్రీనివాసులు గారి విషయంలో కస్టమర్ కేర్‌కి రాసి, ఏ మెయిల్ ఎక్కడికి వెళ్లిందో నమోదయ్యే లాగ్ అడిగితే, ఆయన నొక్కిన ప్రతిసారీ మెయిల్ చేరిందని వచ్చింది. ఆ `a` ఉన్న అడ్రస్ వేరే ఎవరిదో, నిజంగా ఉన్న పెట్టె. రీసెట్ లింక్ అంటే ఇంటి తాళంచెవి లాంటిది, ఎవరి చేతికి పోతే వాళ్లు తలుపు తీసుకోవచ్చు. నొక్కిన ప్రతిసారీ ఇంకో తాళంచెవి ఆ తెలియని మనిషికి పోయింది. పాలసీ కాపీలైతే ఏళ్లుగా పోతూనే ఉన్నాయి, వాటిలో ఇంటి అడ్రస్, కుటుంబ సభ్యుల పుట్టిన తేదీలు అన్నీ ఉంటాయి. `gmial` లాంటి తప్పు డొమైన్‌కి పోతే "ఎలాగూ వెనక్కి వస్తుందిలే" అనుకోకండి. పేరున్న సైట్లకి దగ్గరగా ఉండే ఇలాంటి పేర్లను కొనిపెట్టుకునేవాళ్లు ఉంటారు, వచ్చిన మెయిల్‌ని తీసుకునే సర్వర్ కూడా పెట్టుకోవచ్చు.

పాలసీ కాగితంలో ఈమెయిల్ వరసే లేకపోతే ఇంకో చిన్న పరీక్ష ఉంది. సైట్‌లో కొత్త అకౌంట్ తెరిచే పేజీకి వెళ్లి నాన్నగారి అడ్రస్ ఇవ్వండి. "ఈ ఈమెయిల్ ఇప్పటికే ఉంది" అంటే అడ్రస్ సరైనదే. ఓటీపీ అడుగుతూ ముందుకు వెళ్తోందంటే ఆ అడ్రస్ వాళ్ల దగ్గర లేదని అనుమానించొచ్చు. అక్కడే ఆగిపోండి, రెండో అకౌంట్ తెరిస్తే పాత పాలసీ అందులో కనిపించక ఇంకో తలనొప్పి. కొన్ని సైట్లు ఈ పేజీలో కూడా నిజం దాస్తాయి, అప్పుడు ఈ పరీక్ష పనిచేయదు.

అడ్రస్ తప్పు కాదు, పాతది అన్న సందర్భం కూడా ఉంటుంది. తల్లిదండ్రుల పాలసీ కొడుకు ఆఫీసు మెయిల్‌తో రిజిస్టర్ చేసి, ఆ తర్వాత కంపెనీ మారిపోయినవాళ్లు మన ఐటీవాళ్లలో లెక్కలేనంతమంది. ఆ పెట్టె ఎప్పుడో మూసేసి ఉంటారు. మీ పాత ఆఫీసు అడ్రస్‌లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఇంకా అక్కడే పనిచేస్తుంటే, ఆఫీసు మెయిల్‌కి స్పామ్ ఫోల్డర్ కాకుండా, అనుమానం వచ్చిన మెయిళ్లని ఆపి ఉంచే క్వారంటైన్ అని విడిగా ఉండొచ్చు. అందులో పడ్డది మీ జంక్ ఫోల్డర్‌లో కనిపించదు. మైక్రోసాఫ్ట్ మెయిల్ వాడే ఆఫీసులైతే `security.microsoft.com/quarantine`లో చూడొచ్చు, లేదా ఐటీ వాళ్లని అడగాలి.

సరే, వెతికితే పాత మెయిళ్లు ఉన్నాయి, అడ్రస్ అక్షరం అక్షరం సరిపోయింది అనుకుందాం. అప్పుడు స్పామ్ వైపు చూడాలి. మీరు స్పామ్ ఫోల్డర్ చూశానన్నారు, అది చాలదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో `Filters and Blocked Addresses` తెరవండి. పెద్దవాళ్ల ఫోన్‌లో అడ్వర్టైజ్‌మెంట్ మెయిళ్లు విసిగిస్తున్నాయని ఇంట్లో పిల్లలెవరో ఎప్పుడో బ్లాక్ నొక్కి ఉంటారు. బ్లాక్ చేసిన అడ్రస్ నుంచి వచ్చేవన్నీ నేరుగా స్పామ్‌కి పోతాయి. ఫిల్టర్‌లో `Delete it` అని పెట్టి ఉంటే ట్రాష్‌కి పోతాయి. రెండింట్లోనూ 30 రోజుల తర్వాత వాటంతట అవే పోతాయి, కాబట్టి పాతవాటి జాడ ఉండదు.

స్టోరేజీ కూడా చూడండి. ఉచిత అకౌంట్‌కి జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి 15 జీబీ. నాన్నగారి వాట్సాప్ బ్యాకప్, మనవళ్ల వీడియోలు అందులోనే ఉంటే ఎప్పుడో నిండిపోయి ఉండొచ్చు. నిండిన పెట్టెకి మెయిల్ చేరదు, స్పామ్‌లోనూ పడదు, వచ్చినదే వచ్చినట్టు వెనక్కి తిరిగిపోతుంది. దీనికి తోక ఒకటుంది. పెద్ద కంపెనీలు మెయిళ్లు పంపడానికి వాడే సర్వీసులు, ఒక అడ్రస్ నుంచి మెయిల్ వెనక్కి వస్తే దాన్ని "ఇక పంపొద్దు" అన్న జాబితాలో రాసుకోవచ్చు. దాన్ని సప్రెషన్ లిస్ట్ అంటారు. ఆ తర్వాత మీరు స్టోరేజీ ఖాళీ చేసినా, సైట్ "పంపాం" అన్నా, మెయిల్ వాళ్ల గడప దాటదు. మీ వైపు ఎంత వెతికినా దొరకదు. యాహూ, అవుట్‌లుక్ లాంటి చోట్ల స్పామ్ అని రిపోర్ట్ కొట్టినా కబురు పంపినవాళ్లకి చేరి, అదే జాబితాలో పడొచ్చు. ఈ జాబితా నుంచి తీయించడం ఆ కంపెనీవాళ్ల చేతిలోనే ఉంటుంది.

ఇక ఆలస్యం. సాధారణంగా రీసెట్ మెయిల్ ఒక నిమిషంలోపు వచ్చేస్తుంది. రాలేదంటే పోయిందనే కాదు, క్యూలో ఉండొచ్చు. కొన్ని సర్వర్లు కొత్త చోటు నుంచి వచ్చిన మెయిల్‌ని మొదటిసారి కావాలనే వెనక్కి పంపుతాయి, "ఇప్పుడు కాదు, కాసేపాగి రా" అని. దాన్ని గ్రేలిస్టింగ్ అంటారు. స్పామ్ పంపేవాడు మళ్లీ రాడు, నిజమైన సర్వర్ మళ్లీ వస్తుంది అన్నది లెక్క. మళ్లీ ఎప్పుడు రావాలన్నది పంపే సర్వర్ ఇష్టం. మెయిల్ ప్రమాణాల్లో అయితే కనీసం 30 నిమిషాలు ఆగమనీ, 4, 5 రోజుల దాకా ప్రయత్నిస్తూ ఉండమనీ ఉంది. చాలా సర్వర్లు అంతకన్నా ముందే మళ్లీ ప్రయత్నిస్తాయి. చివరికి మెయిల్ వస్తుంది, కానీ అందులో లింక్‌కి గడువు అరగంటే ఉంటే చచ్చిన లింక్ వచ్చినట్టు.

ఆలస్యంగా వచ్చిన మెయిల్ ఒక్కటి దొరికినా తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. కంప్యూటర్‌లో ఆ మెయిల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి `Show original` ఎంచుకోండి. ఫోన్ యాప్‌లో ఇది వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి. పైభాగంలోనే పంపాక ఎన్ని సెకన్లకి అందిందో జీమెయిల్ రాస్తుంది. కింద `Received` వరసలుంటాయి, వాటిని కింద నుంచి పైకి చదవాలి. నమూనాకి, విషయం తెలిసేంతవరకే కుదించి రాస్తున్నాను:

```
Received: by mx.google.com; Thu, 12 Jun 2025 03:41:20 -0700
Received: by mail.example.com; Thu, 12 Jun 2025 15:33:05 +0530
Date: Thu, 12 Jun 2025 15:33:04 +0530
```

అడుగున `Date` సైట్ మెయిల్ తయారుచేసిన టైము, మన టైములో మధ్యాహ్నం 3:33. మధ్య వరసలో వాళ్ల సర్వర్ ఒక సెకనులో అందుకుంది. పై వరస గూగుల్ అందుకున్న టైము, అది అమెరికా టైములో ఉంది. `-0700` కనిపిస్తే 12 గంటల 30 నిమిషాలు కలపాలి. 3:41కి కలిపితే సాయంత్రం 4:11. అంటే వాళ్ల సర్వర్‌కీ గూగుల్‌కీ మధ్యే 38 నిమిషాలు గడిచాయి. మీ ఫోన్‌దీ తప్పు కాదు, మీ నెట్‌దీ కాదు. అదే, గూగుల్ 3:33కే అందుకుని ఫోన్‌లో 4:11కి మోగితే మాత్రం ఫోన్‌లో సింక్ సమస్య. ఐఫోన్‌లో జీమెయిల్ యాప్ కాకుండా ఆపిల్ మెయిల్ యాప్ వాడేవాళ్లకి ఇది మామూలే. అది పావుగంటకో అరగంటకో ఒకసారి వెళ్లి తెచ్చుకుంటుంది. అందుకే రీసెట్ చేసేటప్పుడు బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి పెట్టుకోమంటాను.

ఆలస్యం ఉన్నచోట పదిసార్లు నొక్కితే ఇంకో చిక్కు. చాలా సైట్లలో కొత్త లింక్ పుట్టగానే పాతది చెల్లదు. మూడుసార్లు నొక్కారు, మొదటి మెయిల్ ఇప్పుడొచ్చింది, ఆత్రంగా నొక్కారు, "లింక్ చెల్లదు" అంది. కోపంతో నాలుగోసారి నొక్కారు, దాంతో దారిలో ఉన్న మూడోది కూడా పోయింది. ఇలా గంటలు గడిపేవాళ్లని చూశాను. పైగా ఒకే సబ్జెక్ట్ ఉన్న మెయిళ్లని జీమెయిల్ ఒకే కట్టగా చూపిస్తుంది, వాటిలో ఒకేలా ఉన్న భాగాన్ని చిన్న మూడు చుక్కల వెనక దాచేస్తుంది. కొత్త మెయిల్ ఖాళీగా ఉన్నట్టు కనిపించి, మనిషి పైనున్న పాత మెయిల్‌లోని లింక్ నొక్కుతాడు. కట్టలో అన్నిటికన్నా కింద ఉన్నదాన్ని తెరిచి, ఆ చుక్కలు నొక్కి, అందులోని లింకే వాడాలి.

కస్టమర్ కేర్‌కి రాయాల్సి వస్తే, "మెయిల్ రావట్లేదు" అని రాస్తే "స్పామ్ చూడండి" అని ఒక రెడీమేడ్ జవాబు వస్తుంది. అలా కాకుండా పాలసీ నంబరు, మీరు నొక్కిన తేదీ, టైము ఇచ్చి ఒకే ప్రశ్న అడగండి: ఆ టైముకి వెళ్లిన మెయిల్ మీ లాగ్‌లో `delivered` అని ఉందా, `bounced` అని ఉందా, `suppressed` అని ఉందా? అవతల ఉన్నవాళ్లకి తెలియకపోయినా టెక్నికల్ టీమ్‌కి పంపక తప్పదు, ఎందుకంటే వాళ్ల రెడీమేడ్ జవాబుల్లో దీనికి జవాబు ఉండదు. `delivered` అంటే అవతలి సర్వర్ `250` అని ఒప్పుకున్నట్టు. మీ పెట్టెలో లేదు, `delivered` అంటున్నారు అంటే శ్రీనివాసులు గారి కథే, మళ్లీ అడ్రస్ దగ్గరికి వెళ్లాలి. `bounced` అంటే వెనక్కి వచ్చినట్టు, అప్పుడు పక్కనే ఒక కోడ్ ఉంటుంది. `5.1.1` ఉంటే అలాంటి పెట్టే లేదని, `5.2.2` ఉంటే పెట్టె నిండిందని. `suppressed` అంటే జాబితాలోంచి తీయమని అడగాలి.

వాళ్ల ఫోన్ నంబరు కోసం గూగుల్‌లో "కస్టమర్ కేర్" అని వెతక్కండి. పైన వచ్చే నంబర్లలో దొంగవి ఉంటాయి. ప్రీమియం డేట్ దగ్గరున్న మనిషి ఫోన్ చేస్తే వాళ్లకి పండగే. ఫోన్ నంబరు పాలసీ కాగితం మీద అచ్చయి ఉంటుంది, అదే వాడండి. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా, ఓటీపీ చదివి చెప్పమన్నా ఫోన్ పెట్టేయండి. డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అడ్రస్ తప్పని తేలితే దాన్ని ఫోన్‌లో మార్పించడం కుదరకపోవచ్చు, కుదరకపోవడమే మంచిది కూడా. శ్రీనివాసులు గారిని బ్రాంచికి రమ్మన్నారు. మార్పు కోరుతూ సంతకం చేసిన ఫారం, గుర్తింపు కార్డు కాపీ అడిగారు. పాలసీ నాన్నగారి పేరున ఉంది కాబట్టి సంతకం ఆయనదే కావాలి, వెళ్లేముందే చేయించుకోండి. ఈసారి అడ్రస్‌ని పెద్ద అక్షరాల్లో, ఒక్కో గడిలో ఒక్కో అక్షరంగా రాయండి. టైప్ చేశాక స్క్రీన్ మీ వైపు తిప్పి చూపించమని అడగండి, మొహమాటపడకండి. చివరి అక్షరం నుంచి మొదటికి చదివితే మన కన్ను మనల్ని మోసం చేయదు. మార్పు సిస్టమ్‌లో ఎక్కిందని ఎస్సెమ్మెస్ వచ్చాక, బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి పెట్టుకుని, రీసెట్ ఒక్కసారే నొక్కి అరగంట ఆగండి. లోపలికి వెళ్లాక ప్రొఫైల్‌లో మొబైల్ నంబరు, రీఫండ్ పడే బ్యాంక్ అకౌంట్ ఎవరైనా మార్చారేమో కూడా చూడండి. ఇన్నాళ్లూ మెయిళ్లు వేరేవాళ్లకి పోయి ఉంటే ఆ రెండే ముందు చూడాల్సినవి.